సర్వర్ ఉంది, సైటు లేదు

జూన్ మొదటి వారం. కడియం వైపు ఒక నర్సరీకి సొంత వెబ్‌సైటు ఉందనుకుందాం. మామిడి అంట్లు, కొబ్బరి మొలకలు, గులాబీలు, మందారాలు, ఏ మొక్క ఎంతో ఫొటోలతో సహా అందులో పెట్టారు. ఏడాదిన్నర కిందట ఆ నర్సరీ యజమాని కొడుకే అమెజాన్ వెబ్ సర్వీసెస్ వారి హైదరాబాద్ రీజియన్‌లో ఒక చిన్న వర్చువల్ మెషీన్ అద్దెకు తీసుకుని దాన్ని కట్టాడు. తొలకరి పడితే మొక్కలకు గిరాకీ పెరుగుతుంది, సైటు చూసేవాళ్లూ పెరుగుతారు. ఒక జీబీ మెమరీ ఉన్న `t3.micro` ఇక సరిపోదని, దాన్ని రెండు జీబీల `t3.small`కు మార్చాలనుకున్నాడు. సైజు మార్చాలంటే మెషీన్‌ను ముందు ఆపాలి. రాత్రి పదిన్నరకు ఆపాడు, మార్చాడు, మళ్లీ ఆన్ చేశాడు. కన్సోల్‌లో ఆకుపచ్చ గుర్తుతో `Running` అని వచ్చింది. పడుకున్నాడు.

తెల్లారేసరికి తండ్రి ఫోను.

"ఏరా, సైటు రావట్లేదంటున్నారు?"

"సర్వర్ బాగానే నడుస్తోంది నాన్నా. ఇప్పుడే చూశాను."

"నడిస్తే ఎందుకు రాదు? కాకినాడ నుంచి ఒకాయన రెండుసార్లు ఫోన్ చేశాడు."

ఇద్దరూ చెప్పింది నిజమే. మనుషుల్ని కల్పించాను కానీ, క్లౌడ్‌లో సొంతంగా సైటు పెట్టుకున్న చిన్న వ్యాపారాల్లో ఇలా తరచుగా జరుగుతూనే ఉంటుంది. సర్వర్ చెడిపోలేదు, సైటు ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, డొమైన్ గడువు తీరలేదు. మెషీన్ ఆగి మళ్లీ లేచేలోపు దాని పబ్లిక్ అడ్రసు మారిపోయింది. ఆ సంగతి డొమైన్‌కు ఎవరూ చెప్పలేదు.

పేరుకూ అంకెకూ మధ్య ఒక్క గీత

బ్రౌజర్‌లో మనం పేరు టైపు చేస్తాం. నెట్‌వర్కుకు పేర్లతో పని లేదు, దానికి అంకెలు కావాలి. చుక్కలతో విడదీసిన నాలుగు అంకెల గుంపే ఐపీ అడ్రసు. ఫలానా పేరుకు ఫలానా అడ్రసు అని రాసి ఉంచే చిన్న వరుసను ఎ రికార్డు అంటారు. 1987 నవంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1035 అనే పత్రంలో దీని రూపం నిర్ణయించారు. ఇప్పటికీ అదే నడుస్తోంది. మన నర్సరీ రికార్డు ఇలా ఉంటుంది:

```
nursery.example.   3600   IN   A   203.0.113.25
```

ఈ వ్యాసంలోని డొమైన్ పేరు, అడ్రసులు ఎవరివీ కావు. ఉదాహరణలు రాసుకోవడానికే ఇంటర్నెట్ నిర్వాహకులు విడిగా కేటాయించినవి వాడుతున్నాను. మధ్యలో కనిపించే 3600 సంగతి తర్వాత చెబుతాను, ఆ రోజు సైటు ఎంతసేపు పడుకుంటుందో తేల్చేది అదే.

ఈ రికార్డు సర్వర్‌లో ఉండదు. డొమైన్ కొన్నచోటో, మరో డీఎన్ఎస్ సంస్థ దగ్గరో ఉంటుంది. సర్వర్ ఉన్నది అమెజాన్ దగ్గర. ఈ రెండు సంస్థలకూ ఒకదాని ఊసు ఒకదానికి తెలియదు. కుర్రవాడు ఏడాదిన్నర కిందట కన్సోల్‌లో కనిపించిన అంకెను కాపీ చేసి డొమైన్ పేజీలో అతికించాడు. రెండింటికీ ఉన్న సంబంధం ఆ అతికించడమొక్కటే.

అతను కాపీ చేసినది ఎలాంటి అడ్రసో చూద్దాం. వర్చువల్ మెషీన్ సృష్టించేటప్పుడు ప్రత్యేకంగా ఏమీ అడగకపోతే, అమెజాన్ తన దగ్గరున్న పబ్లిక్ అడ్రసుల కుప్పలోంచి ఒకటి తీసి ఇస్తుంది. అది మెషీన్ నడుస్తున్నంత కాలానికే. ఆపిన క్షణంలో వెనక్కి కుప్పలోకి వెళ్లిపోతుంది. మళ్లీ ఆన్ చేస్తే కుప్పలోంచి ఇంకొకటి వస్తుంది. పాతదే తిరిగి వస్తుందన్న హామీ లేదు, ఫలానాది కావాలని అడిగే వీలూ లేదు.

ఇలా వెనక్కి లాక్కోవడానికి కారణముంది. ఐపీవీ4 పద్ధతిలో ప్రపంచం మొత్తానికి ఉన్న అడ్రసులు 430 కోట్లకు కొంచెం తక్కువ. వీటిని ఖండాలవారీ సంస్థలకు పంచే ఐయానా దగ్గర చివరి వాటాలు 2011 ఫిబ్రవరి 3న అయిపోయాయి. మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి పంచే ఏపీనిక్ అదే ఏడాది ఏప్రిల్ నుంచి రేషన్ పెట్టింది. అంత కరవులో ఉన్న సరుకును ఆపి ఉంచిన మెషీన్ పేరున ఏ సంస్థా అట్టే పెట్టదు.

రీబూట్ వేరు, ఆపి లేపడం వేరు

అయితే ఏడాదిన్నర పాటు ఇబ్బంది ఎందుకు రాలేదు? ఈ మధ్యలో ఆ కుర్రవాడు మెషీన్‌ను చాలాసార్లు రీస్టార్ట్ చేసే ఉంటాడు, ప్రతిసారీ సైటు మళ్లీ వచ్చే ఉంటుంది. అందుకే అడ్రసు స్థిరమైనదేనని నమ్మాడు.

మనం రీస్టార్ట్ అనే ఒక్క మాటతో రెండు వేర్వేరు పనులను పిలుస్తాం. మొదటిది రీబూట్. మెషీన్ లోపల `sudo reboot` అని కొట్టినా, కన్సోల్‌లో `Reboot instance` నొక్కినా, ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రమే మూసుకుని తెరుచుకుంటుంది. మెషీన్ అదే భౌతిక కంప్యూటర్ మీద, అదే అడ్రసుతో ఉంటుంది. రెండోది స్టాప్, ఆ తర్వాత స్టార్ట్. స్టాప్ అంటే భౌతిక కంప్యూటర్ మీద మనకున్న చోటును ఖాళీ చేయడమే. స్టార్ట్ అన్నప్పుడు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ మళ్లీ చోటిస్తారు. లాడ్జిలో గదికి తాళం వేసి టిఫిన్‌కు వెళ్లి రావడం రీబూట్. గది ఖాళీ చేసి వెళ్లి, సాయంత్రం మళ్లీ దిగడం స్టాప్-స్టార్ట్. సామాను అంతా మనదే, గది నంబరు మాత్రం మారుతుంది.

ఇందులో ఒక ఉచ్చు ఉంది. మెషీన్ లోపలినుంచి `sudo shutdown -h now` అని కొడితే, మామూలు అమరికలో అమెజాన్ దాన్ని స్టాప్ కిందే లెక్కేస్తుంది. లోపల కూర్చున్నవాడికి రీబూట్, షట్‌డౌన్ దాదాపు ఒకటే అనిపిస్తాయి. బయట ఒకదానికి అడ్రసు ఉంటుంది, రెండోదానికి పోతుంది.

మనం చెప్పకుండానే స్టాప్ జరిగే సందర్భాలూ ఉన్నాయి. మెషీన్ ఉన్న భౌతిక కంప్యూటర్ పాతబడితే, ఫలానా తేదీన దీన్ని విరమింపజేస్తున్నామని అమెజాన్ ఈమెయిల్ పంపుతుంది. ఆ తేదీ వరకూ మనం పట్టించుకోకపోతే వాళ్లే ఆపేస్తారు. అందువల్ల "నేను ఎప్పుడూ ఆపను, నాకు ఈ గొడవ రాదు" అనే ధీమా పనికిరాదు.

లోపల అంతా బాగానే కనిపిస్తుంది

తండ్రి ఫోన్ పెట్టేశాక కుర్రవాడు చేసే పని సర్వర్‌లోకి వెళ్లి ఎన్‌జింక్స్ నడుస్తోందో లేదో చూడటం. నడుస్తోంది. డేటాబేసు నడుస్తోంది. మెషీన్‌లోనే కూర్చుని పేజీ అడిగితే వస్తోంది. ఎర్రర్ లాగ్‌లో ఒక్క ఫిర్యాదు లేదు. వచ్చిపోయేవారి లాగ్‌లో మాత్రం రాత్రి పదిన్నర తర్వాత కొనుగోలుదారుల జాడ లేదు, ఊరూరా తిరిగే ఆటోమేటిక్ స్కానర్ల అడుగులు తప్ప. సర్వర్ ఆరోగ్యంగా ఉండి ఇంటికి ఎవరూ రాకపోతే, అనుమానం సర్వర్ మీద కాకుండా దారి మీద పడాలి.

చాలామంది ఇక్కడే గంటలు పోగొట్టుకుంటారు. ఎన్‌జింక్స్ ఫైళ్లు మారుస్తారు, ఫైర్‌వాల్ నిబంధనలు తెరిచి మూస్తారు, చివరికి మెషీన్‌ను మళ్లీ ఆపి లేపుతారు. దానితో అడ్రసు ఇంకోసారి మారుతుంది.

లోపలి నుంచి చూస్తే ఈ మార్పు ఎందుకు కనిపించదంటే, పబ్లిక్ అడ్రసు అసలు మెషీన్ మీద ఉండనే ఉండదు. లోపల `ip addr` అని అడిగితే 172.31తో మొదలయ్యే ప్రైవేటు అడ్రసు ఒకటి చూపిస్తుంది. స్టాప్ చేసినా అది మారదు. పబ్లిక్ అడ్రసును ఈ ప్రైవేటు అడ్రసుకు జతచేసి, వచ్చిపోయే ప్యాకెట్లలో ఒకదాని స్థానంలో మరొకటి రాసేది మెషీన్ బయట ఉండే ఇంటర్నెట్ గేట్‌వే. మార్పు జరిగింది గేట్‌వే దగ్గర. మెషీన్‌కు ఆ వార్త చేరదు.

తేల్చుకోవడానికి రెండే ప్రశ్నలు చాలు. డొమైన్ ఏ అడ్రసు చెబుతోంది? మెషీన్ ఏ అడ్రసుతో బయటికి వస్తోంది? మొదటిది మన లాప్‌టాప్ నుంచి, రెండోది సర్వర్‌లో కూర్చుని అడగాలి.

```
dig +short nursery.example A
curl -s https://checkip.amazonaws.com
```

మొదటిదానికి 203.0.113.25 అనీ, రెండోదానికి 198.51.100.71 అనీ వచ్చాయనుకోండి. ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. రెండూ ఒకటే అయితే జబ్బు వేరే చోట ఉంది. క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సంస్థను ముందు నిలబెట్టుకున్నవారికి మాత్రం మొదటి ప్రశ్నకు ఆ సంస్థ అడ్రసులే జవాబుగా వస్తాయి. వాళ్లు ఆ సంస్థ పేజీలోకి వెళ్లి, అక్కడ రాసి ఉన్న అసలు అడ్రసుతో పోల్చుకోవాలి.

కొనుగోలుదారుకు ఏం కనిపించిందో కూడా అడగడం మంచిది. పాత అడ్రసు ఇంకా ఎవరికీ ఇవ్వకపోతే బ్రౌజర్ చాలాసేపు తిరిగి తిరిగి `ERR_CONNECTION_TIMED_OUT` అంటుంది. సర్టిఫికెట్ పేరు కలవడం లేదన్న హెచ్చరిక వస్తే, ఆ పాత అడ్రసులో అప్పటికే వేరే ఎవరో దిగారన్నమాట. రెండోది మొదటిదానికంటే ప్రమాదకరం.

రిజర్వు చేసే పని

దీనికి మందు 2008 మార్చి నుంచీ ఉంది. అమెజాన్ దానికి ఎలాస్టిక్ ఐపీ అని పేరు పెట్టింది. సాగేదేమీ లేదు అందులో, ఒక మెషీన్ నుంచి తీసి మరోదానికి తగిలించవచ్చు, అంతే. మనకు కావలసిన గుణం వేరు. ఈ అడ్రసు మెషీన్ పేరున కాకుండా మన ఖాతా పేరున ఉంటుంది. మెషీన్ ఆగినా లేచినా, చివరికి దాన్ని పూర్తిగా తొలగించినా, మనంతట మనం వదులుకునేదాకా అది మనదే.

కన్సోల్‌లో ఎడమవైపు జాబితాలో `Elastic IPs` అని ఉంటుంది. అది తెరిచే ముందు పైన కుడివైపు రీజియన్ పేరు చూసుకోవాలి. ఎలాస్టిక్ ఐపీ ఒక రీజియన్‌కే చెల్లుతుంది. మెషీన్ హైదరాబాద్‌లో ఉండగా ముంబయిలో అడ్రసు తీసుకుంటే తగిలించడానికి జాబితాలో మెషీనే కనిపించదు. `Allocate Elastic IP address` నొక్కితే కొత్త అడ్రసు వస్తుంది. దాన్ని ఎంచుకుని `Actions`లో `Associate Elastic IP address` నొక్కి, మన మెషీన్‌ను చూపించాలి. కమాండ్లతో చేసేవారికి ఇది రెండు మెట్ల పని:

```
aws ec2 allocate-address --domain vpc --region ap-south-2

aws ec2 associate-address --region ap-south-2 \
  --instance-id i-0123456789abcdef0 \
  --allocation-id eipalloc-0123456789abcdef0
```

మొదటి కమాండ్ కొత్త అడ్రసునూ, `eipalloc`తో మొదలయ్యే దాని గుర్తింపునూ ఇస్తుంది. ఆ గుర్తింపునే రెండోదాంట్లో పెట్టాలి. `ap-south-2` అంటే 2022 నవంబరులో మొదలైన హైదరాబాద్ రీజియన్, `ap-south-1` అంటే ముంబయి.

మన నర్సరీకి ఇలా 192.0.2.80 వచ్చిందనుకుందాం. తగిలించగానే మెషీన్ మీద ఉన్న 198.51.100.71 వెంటనే కుప్పలోకి వెళ్లిపోతుంది. ఆ అంకె మీద మనకు మోజు లేదు కాబట్టి నష్టం లేదు. కానీ సైటు బాగా నడుస్తున్నప్పుడే ముందుజాగ్రత్తగా ఈ పని చేస్తున్నవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ప్రస్తుతం వాడుతున్న అడ్రసునే స్థిరంగా మార్చి ఇమ్మంటే అమెజాన్ ఒప్పుకోదు. వేరే అడ్రసే ఇస్తుంది. అంటే తగిలించిన క్షణం నుంచి ఎ రికార్డు మార్చేదాకా, ఆ మార్పు అందరికీ చేరేదాకా, సైటు కొందరికి అందదు.

ఆ వ్యవధి ఎంతన్నది ముందు చూసిన 3600 చెబుతుంది. దాన్ని టీటీఎల్ అంటారు, లెక్క సెకన్లలో. ఈ జవాబును గంటసేపు గుర్తు పెట్టుకోవచ్చు, అందాకా మళ్లీ అడగక్కర్లేదు అని డీఎన్ఎస్ ఇచ్చే అనుమతి అది. మనం రికార్డు మార్చడానికి నిమిషం ముందు ఎవరైనా సైటు చూసి ఉంటే, వారి ఇంటర్నెట్ సంస్థ సర్వర్ మరో 59 నిమిషాలు పాత అడ్రసునే చెబుతుంది. అందుకని తెలిసినవాళ్లు ఈ పని రెండు దఫాలుగా చేస్తారు. ముందు రోజే టీటీఎల్‌ను 300కు తగ్గించి ఊరుకుంటారు. పాత 3600 జ్ఞాపకాలన్నీ ఆరిపోయాక, మర్నాడు అడ్రసు తగిలించి, వెంటనే ఎ రికార్డు మారుస్తారు. అప్పుడు అంతరాయం అయిదు నిమిషాలకు అటూ ఇటూ. అంతా కుదురుకున్నాక టీటీఎల్‌ను మళ్లీ పెంచుకోవచ్చు. కుర్రవాడి సైటు ఇప్పటికే పడిపోయింది కాబట్టి ఈ సౌకర్యం అతనికి లేదు. రికార్డు మార్చి గంట ఓపిక పట్టాలి. కొందరికి ముందే వస్తుంది, కొన్ని ఇంటర్నెట్ సంస్థల వాళ్లకు ఇంకొంచెం ఆలస్యమూ కావచ్చు.

ఎ రికార్డు మార్చేటప్పుడు `www` ఉన్న పేరును మరిచిపోతారు చాలామంది. `www.nursery.example` అనేది అసలు పేరుకు దారి చూపే సీనేమ్ రికార్డు అయితే బాధ లేదు, అసలుది మారితే అదీ మారుతుంది. దానికీ విడిగా ఎ రికార్డు రాసి ఉంటే రెండూ మార్చాలి. లేకపోతే సైటు సగంమందికి వస్తూ సగంమందికి రాక, అడిగినవాడికల్లా తలోరకం జవాబు వస్తుంది. ఎస్‌పీఎఫ్ రికార్డులో, పేమెంట్ సంస్థ అనుమతి జాబితాలో పాత అడ్రసు రాసి ఉంటే అవి కూడా చూసుకోవాలి.

మార్పు చేరిందో లేదో చూడటానికి `dig`ను `+short` లేకుండా, గూగుల్ వారి 8.8.8.8ను అడగండి. అడ్రసు పక్కన టీటీఎల్ అంకె ఉంటుంది. మళ్లీ మళ్లీ అడిగితే అది తగ్గుతూ వస్తుంది. గూగుల్ సర్వర్లు చాలా ఉంటాయి కాబట్టి ఒక్కోసారి ఒక్కో అంకె వచ్చినా కంగారు పడనక్కర్లేదు. పాత అడ్రసుతో ఆ అంకె తగ్గుతోందంటే మనం చేసింది సరిగానే ఉంది, వేచి ఉండటమే మిగిలింది. అంకె తగ్గి సున్నాకు చేరాక కూడా పాత అడ్రసే వస్తోందంటే, మనం తప్పు చోట మార్చామని అర్థం. డొమైన్ ఒక సంస్థలో, డీఎన్ఎస్ మరో సంస్థలో ఉన్నవాళ్లకు ఇది మామూలే.

ఆఖరి మెట్టు చాలామంది చేయరు. సైటు వచ్చాక, రద్దీ లేని వేళ చూసుకుని మెషీన్‌ను కావాలనే ఒకసారి స్టాప్ చేసి స్టార్ట్ చేయండి. రీబూట్ కాదు, స్టాప్. లేచాక మళ్లీ అదే 192.0.2.80 కనిపించి, సైటు తెరుచుకుంటేనే పని పూర్తయినట్టు. ఎన్‌జింక్స్ దానంతటది లేస్తుందో లేదో కూడా ఆ పరీక్షలోనే తేలిపోతుంది.

పాత అంకె ఎవరి చేతికి వెళ్లింది?

సైటు కొన్ని గంటలు రాకపోవడం పెద్ద నష్టమేమీ కాదు. నాకు అసలు భయం పాత అడ్రసు గురించి. 203.0.113.25 ఇప్పుడు కుప్పలో ఉంది. రేపో మాపో ఎవరో ఒకరికి వెళుతుంది. మన ఎ రికార్డు అటే చూపిస్తూ ఉన్నంతకాలం, మన పేరు టైపు చేసినవాళ్లంతా ఆ కొత్త మనిషి మెషీన్ గుమ్మం ముందు దిగుతారు.

అతని దగ్గర మన సర్టిఫికెట్ లేదు కాబట్టి బ్రౌజర్ హెచ్చరిస్తుంది కదా అనవచ్చు. నిజమే, కొంతవరకు. కానీ ఉచిత సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలు డొమైన్ మీదేనా అని ఎలా పరీక్షిస్తాయి? ఎక్కువగా వాడే పద్ధతిలో, మీ సైటులో ఫలానా చోట ఈ చిన్న ఫైలు పెట్టండి అంటాయి. తర్వాత ఆ డొమైన్ పేరుతో వెళ్లి ఫైలు ఉందో లేదో చూస్తాయి. డొమైన్ ఎవరి మెషీన్‌కు దారి చూపుతుందో వారే ఆ ఫైలు పెట్టగలరు. అంటే పాత అడ్రసు దక్కించుకున్నవాడు దుర్బుద్ధి కలవాడైతే, నర్సరీ పేరుతో చెల్లుబాటయ్యే సర్టిఫికెట్ తెచ్చుకుని, అచ్చం ఆ సైటులాంటిదే పెట్టి, డబ్బు తన ఖాతాకు వేయించుకోగలడు. బ్రౌజర్ ఒక్క మాట అనదు.

ఇది ఊహ కాదు. శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందినవారు సహా కొందరు పరిశోధకులు 2018లో ఎన్‌డీఎస్ఎస్ సదస్సులో 'క్లౌడ్ స్ట్రైఫ్' అనే పత్రం సమర్పించారు. క్లౌడ్ కుప్పల్లోంచి అడ్రసులు పదే పదే తీసుకుంటూ వదిలేస్తూ పోతే, యజమానులు మరిచిపోయిన డొమైన్లు ఇంకా చూపిస్తున్న అడ్రసులు చేతికి చిక్కుతాయని అందులో చూపించారు. ఫలానా నర్సరీ అడ్రసే కావాలని ఎవరూ వెతకరు, వల వేస్తే ఏది పడితే అది.

ఎలాస్టిక్ ఐపీ ఉన్నవాళ్లకు ఈ ప్రమాదం పూర్తిగా పోదు, వెనక్కి జరుగుతుంది. రేపు సైటు మూసేసి ఖర్చు తగ్గించుకుందామని అడ్రసును వదులుకుంటే, అప్పుడు కూడా అది కుప్పలోకే వెళుతుంది. అందుకని మూసేటప్పుడు వరుస ముఖ్యం. ముందు ఎ రికార్డు తీసేయాలి, టీటీఎల్ కాలం గడవనివ్వాలి, ఆ తర్వాతే `Release Elastic IP addresses` నొక్కాలి. తిరగేసి చేస్తే మన పేరును మనమే వీధిలో వదిలేసినట్టు. ఎప్పుడో పరీక్షకోసం పెట్టి మరిచిపోయిన `old`, `test` లాంటి ఉపపేర్లకూ ఇదే వర్తిస్తుంది.

ఖర్చు, హద్దులు

ఒకప్పుడు మామూలుగా వచ్చే అడ్రసు ఉచితం. ఎలాస్టిక్ ఐపీ తీసుకుని వాడకుండా ఉంచితేనే రుసుము పడేది. పొరపాటున డబ్బు పడుతుందేమోనని చాలామంది దాని జోలికి పోయేవారు కాదు. 2024 ఫిబ్రవరి 1 నుంచి ఆ లెక్క మారింది. ఇప్పుడు ఏ పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకైనా గంటకు 0.005 డాలర్. తాత్కాలికమైనదైనా, రిజర్వు చేసినదైనా, వాడుతున్నా, ఖాళీగా ఉన్నా ఒకటే. నెలకు దాదాపు 3.60 డాలర్లు, మన డబ్బులో మూడు వందలు దాటుతుంది, పైన పన్ను. నడుస్తున్న మెషీన్‌కు తాత్కాలిక అడ్రసు ఉంచుకున్నా అంతే కడుతున్నారు కాబట్టి, ఖర్చు పేరు చెప్పి రిజర్వు చేయకపోవడంలో ఇప్పుడు అర్థం లేదు.

తేడా ఒక్కచోటే ఉంది. మెషీన్‌ను రాత్రిళ్లు ఆపి ఉంచేవారికి తాత్కాలిక అడ్రసు మీద ఆ గంటలకు రుసుము పడదు, ఎలాస్టిక్ ఐపీ మీద పడుతుంది. మెషీన్‌ను తొలగించినా అడ్రసు ఖాతాలో ఉండిపోయి నెలనెలా బిల్లు తెస్తుంది. అలాగే ఒక ఖాతాకు ఒక్కో రీజియన్‌లో మొదట అయిదే ఇస్తారు, ఎక్కువ కావాలంటే కారణం చెప్పి అడగాలి. ఒక సైటున్న నర్సరీకి ఇది అడ్డు కాదు.

మెషీన్ లేచిన ప్రతిసారీ కొత్త అడ్రసును డీఎన్ఎస్‌లో తనంతట తానే రాసుకునే స్క్రిప్టు పెట్టుకోవచ్చు కదా అని తెలివైన కుర్రాళ్లు అంటారు. పెట్టుకోవచ్చు. ఇంట్లో నేర్చుకోవడానికి పెట్టుకున్న సర్వర్‌కు బాగానే ఉంటుంది. కానీ ప్రతిసారీ టీటీఎల్ మేర సైటు పడుకుంటుంది, ఆ కాసేపు పాత అడ్రసు ప్రమాదమూ ఉంటుంది. పైగా డీఎన్ఎస్ మార్చే తాళంచెవిని సర్వర్ మీదే ఉంచాలి. డబ్బులు చేతులు మారే సైటుకు నేను వద్దంటాను.

గూగుల్ క్లౌడ్‌లో ఉన్నవారికి ఈ పని ఇంకా తేలిక. అక్కడ ఇప్పుడు వాడుతున్న తాత్కాలిక అడ్రసునే స్థిరమైనదిగా మార్చుకోవచ్చు. ముంబయి రీజియన్‌లో అయితే ఇలా:

```
gcloud compute addresses create nursery-ip \
  --addresses=203.0.113.25 --region=asia-south1
```

అంకె మారదు కాబట్టి ఎ రికార్డును తాకనక్కర్లేదు, సైటు ఒక్క క్షణం కూడా ఆగదు. రెండు షరతులు. మెషీన్‌ను ఆపకముందే చేయాలి, ఆపాక ఆ అంకె మన చేతిలో ఉండదు. రీజియన్ పేరు తప్పకుండా ఇవ్వాలి. గ్లోబల్ అని తీసుకున్న అడ్రసు లోడ్ బ్యాలెన్సర్లకే పనికొస్తుంది, మెషీన్‌కు తగలదు.

మీ సైటు అమెజాన్ వర్చువల్ మెషీన్ మీద నడుస్తూ ఉంటే, కన్సోల్‌లో దాని వివరాలు తెరిచి `Elastic IP addresses` అన్న గడి చూడండి. అక్కడ అంకె ఉంటే నిశ్చింత. ఒట్టి గీత ఉండి, `Auto-assigned IP address` దగ్గర అంకె కనిపిస్తే మీ అడ్రసు తాత్కాలికం. ఈ రోజే డొమైన్ పేజీకి వెళ్లి టీటీఎల్ 300కు తగ్గించండి, రేపు రాత్రి అడ్రసు రిజర్వు చేసి ఎ రికార్డు మార్చండి. అప్పటిదాకా `Stop` మీట జోలికి వెళ్లకండి.